బి సెట్టులో మేనేజరు

వదినను మెచ్చుకునే ఆడపడుచు ఎక్కడైనా ఉంటుందా అని అడిగితే, మా ఇంట్లో ఉంది. అది నేనే. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత కదా, ఆ లెక్కన నాకు మా వదిన మీద సగం పెత్తనమైనా ఉండాలి. నాకున్న పెత్తనమల్లా ఆవిడ రాసిచ్చిన ప్రశ్నలు టైపు చేసి, అచ్చు తీసి, పిన్నులు కొట్టి, పరీక్ష అయ్యాక దిద్దడం వరకే. మిగతా విషయాల్లో నోరు పారేసుకుంటాను కానీ ఆవిడ వినదు.

మా కోచింగ్ సెంటరు టైర్ల షాపు పైన మేడ మీద ఉంది. ఒక గదిలో మా అన్నయ్య లెక్కలు చెబుతాడు, ఇంకో గదిలో వదిన ఇంగ్లీషు చెబుతుంది. రెంటికీ మధ్య ఉన్న ఇరుకు గదిలో ప్రింటరూ, కాగితం కట్టలూ, నేనూ ఉంటాం. కింద గాలి మిషను ఆన్ చేస్తే పైన గోడలు గుయ్యిమంటాయి. అన్నయ్య అప్పుడు పాఠం ఆపి, చాక్‌పీసు గాల్లో పట్టుకుని నిలబడతాడు. వదిన మాత్రం గొంతు పెంచకుండానే చెప్పుకుపోతుంది. విచిత్రమేమిటంటే ఆవిడ గదిలో వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకు వంగి వింటారు.

మా దగ్గరికి వచ్చేవాళ్లందరిదీ ఒకటే గోల, క్లర్కు ఉద్యోగం పరీక్ష. అందులో ఇంగ్లీషు అంటే ఖాళీలు పూరించడం, నాలుగు జవాబుల్లో ఒకదాని మీద చుక్క పెట్టడం. దానికోసం బజారులో దొరికే గైడ్లలో అడ్డదారులు రాసి ఉంటాయి. ఐదర్ కనబడితే ఏకవచనం పెట్టు, కమిటీ కనబడితే ఏకవచనం పెట్టు, ఆలోచించకు, ముందుకు వెళ్లు. ఆ గైడు ఎవరి చేతిలోనైనా కనబడితే వదిన తీసుకుని తన బల్ల కింద పడేస్తుంది. ఆ బల్లకు ఒక కాలు పొట్టి కాబట్టి గైడ్లకు అలా కొంత ఉపయోగం దొరికింది.

నేను ఆ గది తలుపు పక్కన నిలబడి విన్న పాఠాల్లో ఇది నాకు బాగా గుర్తు. "మన భాషలో 'కమిటీ వచ్చింది' అంటాం. అందులో ఎంతమంది ఉన్నా, వాళ్లలో వాళ్లు కొట్టుకున్నా సరే 'వచ్చింది' అనే అంటాం. అందుకే కమిటీ కనబడగానే మీ చెయ్యి ఏకవచనం మీదకి పోతుంది. ఇంగ్లీషులో ఒక్క క్షణం ఆగండి. ఆ గుంపు అంతా కలిసి ఒకటిగా చేసిందా, ఎవరిది వాళ్లు చేశారా? ఒకటిగా చేస్తే ఒకటి. ఎవరిది వాళ్లైతే అనేకం. వాక్యంలో 'ఇట్స్' ఉందా, 'దేర్' ఉందా చూడండి. వాక్యమే చెబుతుంది మీకు," అంది.

ఐదర్ దగ్గరికొచ్చేసరికి ఇంకా బాగుంటుంది. "మనం 'అమ్మో నాన్నో వస్తారు' అంటాం. వచ్చేది ఒక్కరే. అయినా 'వస్తారు' అంటాం, మనకు మర్యాద ఎక్కువ. ఇంగ్లీషుకి ఆ మర్యాద లేదు. అది క్రియ పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్లనే చూస్తుంది. రెండు పేర్లలో రెండోది ఒకటైతే క్రియ ఒకటి, రెండోది అనేకమైతే క్రియ అనేకం. మొదటివాడు ఎంత గొప్పవాడైనా సరే, పక్కనున్నవాడిదే మాట," అని చెబుతుంది. పిల్లలు నవ్వుతారు. నవ్విన విషయం మరిచిపోరు.

ఆవిడ ప్రశ్న రాసే పద్ధతి కూడా చూడాలి. నాలుగు జవాబుల్లో ఒకటి సరైనదైతే మిగతా మూడూ ఊరికే పెట్టినవి కావు. ఒకటి గైడు నమ్మినవాడికి, ఒకటి మొదటి పేరు చూసి పరిగెత్తినవాడికి, ఒకటి చెవికి ఇంపుగా ఉందని పెట్టేవాడికి. తప్పు పెట్టినవాడి కాగితం చూసి, వాడు ఎక్కడ జారాడో వాడికే చెప్పగలదు. టైపు చేస్తూ చేస్తూ ఎన్నోసార్లు ఆ వలలో నేనే పడ్డాను. ఇన్నేళ్లుగా ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను కానీ, ఆ కాగితాలు చూస్తే కోపం నిలవదు.

ఇక మా అన్నయ్య. మంచివాడే. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తప్పు ఒప్పుకోవడం అతని జాతకంలో లేదు. చిన్నప్పుడు వంటగదిలో పాలు ఒలకబోసి, గిన్నె అంచు సరిగా లేదని వాదించిన మనిషి.

ప్రశ్నపత్రం సెట్లు చేసే పని అన్నయ్యది. పక్కపక్కన కూర్చున్నవాళ్లు చూసి రాయకుండా ఒకరికి ఎ సెట్టు, ఒకరికి బి సెట్టు ఇస్తాం. అవే ప్రశ్నలు, వరుస మాత్రం వేరు. వదిన ఎ సెట్టు రాసి, జవాబులు వేసి, తప్పులు చూసి ఇచ్చేస్తుంది. బి సెట్టు అన్నయ్య కలుపుతాడు. దాన్ని మళ్లీ ఎవరూ చూడరు, అది మా ఆనవాయితీ. అందులో అన్నయ్య పనితనం నిజంగానే గొప్పది. ఏ ప్రశ్న ఎక్కడికి పోయిందో పోలీసు కుక్క కూడా పట్టలేదు.

ఆ ఏడాది క్లర్కు పరీక్షకు ముందు ప్రత్యేక బ్యాచి పెట్టాం. బోర్డు మీద అన్నయ్య స్వయంగా రాశాడు. ప్రవేశ పరీక్షలో మొదటి స్థానం వచ్చినవారికి ఒక్క సీటు ఉచితం, మార్కులు సమానమైతే లెక్కల్లో ఎక్కువ వచ్చినవారికి. 'ఒక్క' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆ సీటు కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసిన మనిషి ఒకామె ఉంది. మేమంతా ఆమెను డ్రైవరమ్మ అంటాం. దగ్గర్లోని బడికి వ్యాను నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దింపి, సాయంత్రం బడి వదిలేదాకా ఖాళీ. డిగ్రీ ఎప్పుడో చదివింది. పెళ్లి, పాప, మొగుడి అనారోగ్యం, ఆ తర్వాత ఒంటరితనం, ఇవన్నీ అయ్యేసరికి వయసు పరిమితి గుమ్మం దాకా వచ్చింది. ఈ పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి ఆమెకు అర్హత ఉండదు. వదిన ఆదివారం పెట్టే క్లాసుకు వచ్చేది. ప్రత్యేక బ్యాచికి ఫీజు కట్టే స్థితిలో లేదు. అందువల్ల ఆమెకు ఆ సీటు దొరకాలి, లేదంటే క్లర్కు ఉద్యోగం మాట మరిచిపోవాలి. అది అందరికీ తెలుసు.

పరీక్ష అయింది. నా పద్ధతి ప్రకారం అట్ట ముక్కకు చిల్లులు పొడిచి, అన్నయ్య ఇచ్చిన జవాబుల పట్టీ మీద సరిచూసుకుని, ఒక్కో కాగితం మీద అట్ట పెట్టి చిల్లులో చుక్క కనబడితే మార్కు వేశాను. మందుల షాపులో పనిచేసే కుర్రాడు మొదట వచ్చాడు. డ్రైవరమ్మ ఒక్క మార్కు వెనక. మిగతావాళ్లు చాలా దూరం. ఇద్దరిదీ బి సెట్టే.

బోర్డు మీద ఫలితాలు అంటించిన మధ్యాహ్నం డ్రైవరమ్మ వచ్చింది. వ్యాను తాళాలు చేతిలో ఉన్నాయి, ముఖంలో కోపం లేదు. నేరుగా వదిన దగ్గరికి పోయి ప్రశ్నపత్రం బల్ల మీద పరిచింది.

"మేడమ్, ఒక్క మాట. తప్పు నాదైతే చెప్పండి, వెళ్లిపోతాను. ఈ మేనేజరు ప్రశ్నకి నేను ఏకవచనం, 'వజ్' పెట్టాను. తప్పన్నారు."

వదిన కాగితం వైపు చూడకుండానే, "అది 'వర్' కదమ్మా," అంది. ఎ సెట్టు ఆవిడకు కంఠతా వచ్చు. అందులో వాక్యం 'ఐదర్ ది మేనేజర్ ఆర్ ది క్లర్క్స్ ఖాళీ లేట్'. రెండోది క్లర్కులు, అంటే అనేకం. కాబట్టి 'వర్'.

"ఒకసారి చదవండి మేడమ్. మీరే చెప్పారు కదా, క్రియ పక్కన ఎవరున్నారో చూడమని."

వదిన చదివింది. ఆ కాగితం మీద వాక్యం 'ఐదర్ ది క్లర్క్స్ ఆర్ ది మేనేజర్ ఖాళీ లేట్' అని ఉంది. మేనేజరు వచ్చి ఖాళీ పక్కన కూర్చున్నాడు. క్లర్కులు అటు జరిగారు. అలాంటప్పుడు జవాబు 'వజ్'. డ్రైవరమ్మ పెట్టింది ముమ్మాటికీ సరైనది.

వదిన నా వైపు తిరిగి, "మీ అన్నయ్యను పిలువు," అంది. ఆ గొంతులో ఏమీ లేదు. అలా ఏమీ లేనప్పుడే నాకు భయం.

అన్నయ్య చేతులకున్న చాక్‌పీసు పొడి దులుపుకుంటూ వచ్చాడు. వదిన వేలు పెట్టి చూపించింది. అతను చూసి, "అవును, నేనే తిప్పాను. ప్రశ్నల వరుస మార్చినా, ముందు మేనేజరు ఉన్న ప్రశ్నకి రెండో జవాబు పెట్టు అని పాత పరీక్షల్లో పిల్లలు గుసగుసలాడుకున్నారు. అందుకని ఈసారి వాక్యం లోపల కూడా తిప్పాను. దానికేం, మనుషులు వాళ్లే కదా," అన్నాడు.

"మనుషులు వాళ్లేనండీ. చోటు మారింది."

"చోటు మారితే ఏమిటోయ్? మూడూ ఐదూ కలిపినా ఎనిమిదే, ఐదూ మూడూ కలిపినా ఎనిమిదే."

ఆ మాట అంటూ అంటూనే ఆగిపోయాడు. లెక్కల మనిషి కదా, ఎంత మొండివాడైనా కళ్లముందు కనబడేదాన్ని కాదనలేడు. కూడికలో అంకెలు ఎటు తిప్పినా ఫర్వాలేదు కానీ తీసివేతలో తిప్పితే కొంప మునుగుతుంది. ఈ వాక్యం కూడిక కాదు. అది అతనికి అర్థమైందని చెవులు ఎర్రబడడం చూసి నాకు తెలిసింది. నోటితో మాత్రం, "గాలి మిషను చప్పుడులో చేశానేమో," అన్నాడు.

వదిన డ్రైవరమ్మ వైపు తిరిగింది. "రేపు సరిచేసిన మార్కులు పెడతాం. బి సెట్టు కాగితాలన్నీ మళ్లీ చూడాలి," అని చెప్పి పంపించింది. డ్రైవరమ్మ మెట్లు దిగేటప్పుడు తాళాలు గలగలలాడాయి. పరుగెత్తుతోందని ఆ చప్పుడే చెప్పింది.

నేను అప్పటికప్పుడే కాగితాలు తీసి లెక్కేశాను. డ్రైవరమ్మకు ఒక మార్కు పెరిగింది. మందుల షాపు కుర్రాడు క్లర్కులు కనబడగానే 'వర్' పెట్టాడు, తప్పు పట్టీ పుణ్యమా అని మార్కు వచ్చింది, ఇప్పుడది పోయింది. వెరసి డ్రైవరమ్మ ఒక మార్కు ముందు. సీటు ఆమెదే. నాకు ఎంత సంతోషమైందంటే టీ తెప్పించాను. అన్నయ్యకు కూడా ఒక కప్పు ఇచ్చాను, ఏడిపించకుండానే.

వదిన టీ తాగలేదు. ఎ సెట్టు ఎడమ పక్కన, బి సెట్టు కుడి పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం మీద రెండు వేళ్లు పెట్టి చదువుతోంది. "ఒకటి తిప్పిన మనిషి ఒకటితో ఆగుతాడా," అని గొణిగింది. అన్నయ్య గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ తన గదిలోకి జారుకున్నాడు.

సాయంత్రం దాకా చదివింది. ఒకచోట కుడిచేతి వేలు ఆగింది.

ఎ సెట్టులో 'ది కమిటీ ఖాళీ డివైడెడ్ ఇన్ దేర్ ఒపీనియన్స్' అని ఉంది. దాని జవాబు 'వర్', ఎందుకంటే అక్కడ 'దేర్' ఉంది, ఎవరి అభిప్రాయం వాళ్లదని వాక్యమే చెబుతోంది. బి సెట్టులో ఆ వాక్యం రెండో వరుసలోకి జారిందని, పేజీ అందం చెడుతుందని అన్నయ్య తోక కత్తిరించాడు. 'ది కమిటీ ఖాళీ డివైడెడ్' అంతే మిగిలింది.

"ఇందులో ఇంక ఏముంది, జవాబు అదేగా," అన్నాను.

"లేదు. తోక ఉంటేనే 'వర్' ఒక్కటి. తోక పోతే రెండూ సరిపోతాయి. కమిటీని ఒక ముక్కగా చూసి, ఆ ముక్క రెండుగా చీలిందంటే 'వజ్'. మనుషుల్ని విడివిడిగా చూస్తే 'వర్'. రెండూ రాస్తారు, రెండూ సరైనవే. చెప్పాల్సిన మాట మనం కత్తిరించేసి, పిల్లల్ని ఊహించమంటే ఎలా?"

నేను కాగితాలు వెతికాను. డ్రైవరమ్మ 'వర్' పెట్టింది, మార్కు వచ్చింది. మందుల షాపు కుర్రాడు 'వజ్' పెట్టాడు, మార్కు రాలేదు. ఇప్పుడు రెండూ సరైనవంటే వాడికి ఒకటి పెరుగుతుంది. ఇద్దరూ సమానం. సమానమైతే లెక్కలు చూడాలి. లెక్కల్లో వాడే ఎక్కువ.

"ఆ ప్రశ్న తీసేస్తే?" అన్నాను.

"తీసేస్తే ఆమెకి ఒకటి తగ్గుతుంది, వాడికి తగ్గదు. మళ్లీ సమానమే."

"అయితే ఊరుకో. ఈ రెండోది ఎవరూ అడగలేదు వదినా. వాడికి అనుమానం కూడా లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నీ మొగుడి తప్పు నువ్వే డప్పు కొట్టి చెబుతావా? దాని ఫలితం ఆవిడ నెత్తిన పడుతుంది, తెలుసా?"

నేను చాలా మాటలే అన్నాను. ఆమె కూతురు గురించి అన్నాను, వయసు పరిమితి గురించి అన్నాను, మందుల షాపు కుర్రాడికి ఇంకా ఎన్నో ఏళ్లున్నాయని అన్నాను. ఇవన్నీ నిజాలే. వదిన అన్నీ విని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అడిగినావిడ రాసింది నా ప్రశ్నలకే. అడగనివాడు రాసింది కూడా నా ప్రశ్నలకే. ఆవిడ అడిగినందుకు ఒక న్యాయం, వాడు అడగనందుకు ఒక న్యాయం చేస్తే, రేపు ఆ గదిలో నిలబడి వాక్యం ఏం చెబుతోందో చూడండి అని ఏ ముఖంతో చెప్పను?"

ఆవిడ మీద పీకలదాకా కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఈ మనిషి నా వదిన అయినందుకు గర్వంగా కూడా అనిపించింది. రెండూ ఒకేసారి రావచ్చని నాకు అంతకుముందు తెలియదు.

అన్నయ్యతో నేనే పోట్లాడాను. "ఇద్దరికీ ఇచ్చెయ్. నీ సెంటరు, నీ సీటు. తప్పు కూడా నీదే," అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటని బోర్డు మీద రాశాను. అది చూసి పరీక్ష రాశారు. రాసింది రాసిందే." కుందేలుకు నాలుగో కాలు మొలిచే సూచన ఎక్కడా కనబడలేదు.

మర్నాడు వదిన ఇద్దరినీ పిలిపించింది. రెండు ప్రశ్నలూ బోర్డు మీద రాసి, రెండు సెట్లలో ఎలా మారాయో చూపించింది. తప్పు సెంటరుదని చెప్పింది, ఎవరు చేశారో చెప్పలేదు. బి సెట్టును చూడకుండా వదిలిన బాధ్యత తనదని మాత్రం చెప్పింది. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

మందుల షాపు కుర్రాడికి ఏం జరిగిందో సగమే అర్థమైంది. సీటు మొదటే తనదనుకున్నాడు, ఇప్పుడూ తనదే. మొహమాటంగా నవ్వి ఊరుకున్నాడు. డ్రైవరమ్మ మాత్రం బోర్డు మీది రెండో వాక్యాన్ని పెదవులు కదుపుతూ చదువుకుంది. ఒకసారి 'వజ్' పెట్టి, ఒకసారి 'వర్' పెట్టి.

"అవును మేడమ్, రెండూ కుదురుతున్నాయి," అంది. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "బాగా చదువుకో తమ్ముడూ," అంది. బడి గంట కొట్టే వేళయిందని వెళ్లిపోయింది. ఈసారి తాళాల చప్పుడు వినబడలేదు, గట్టిగా పట్టుకుని ఉంటుంది.

ఆ రోజు వదిన అన్నం ముట్టలేదు. నేనూ బతిమాలలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం క్లాసు అవగానే వదిన ఒక కాగితాల కట్ట, నీళ్ల సీసా తీసుకుని చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడిగితే పక్కనే అంది. పక్కనే అంటే నమ్మే రకం కాదు నేను, వెనకాలే వెళ్లాను. బడి ప్రహరీ గోడ నీడలో పసుపు వ్యాను ఆగి ఉంది. డ్రైవరమ్మ ముందు సీట్లో కూర్చుని స్టీరింగుకు తల ఆనించి ఉంది. వదిన అద్దం మీద వేలితో తట్టింది.

"మేడమ్, మీరిక్కడికి..."

"సీటు ఒక్కటే కాబట్టి అందులో నిన్ను కూర్చోబెట్టలేకపోయాను. నీ వ్యానులో సీట్లు బోలెడున్నాయి. జరుగు."

ఆ రోజు నుంచి పాఠం అక్కడే. పిల్లల సీట్లు చిన్నవి కావడంతో వదిన మోకాళ్లు గడ్డానికి తగిలేవి. కాగితం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వాక్యం గట్టిగా చదివించేది. ఎవరు చేశారు, ఒకటిగానా విడివిడిగానా, పక్కన ఎవరున్నారు. డ్రైవరమ్మ ఇంగ్లీషులో దూసుకుపోతోంది. లెక్కలే కుంటుతున్నాయి, సీటు పోయింది కూడా లెక్కల దగ్గరే. నేను నాకొచ్చిన కాస్తా చెప్పబోతే వడ్డీ లెక్క ముగ్గురం కలిసి ముంచాం.

"మీ వదిన రోజూ ఎక్కడికి పోతోంది?" అని అన్నయ్య అడిగాడు. తెలిసే అడిగాడని నాకు తెలుసు. బడి దారిలో అతని స్కూటరు నేను చూశాను.

"నువ్వు తోక కత్తిరించిన చోటికి," అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మేము వ్యానులో ఉండగా మెట్టు మీద అడుగు పడింది. అన్నయ్య. చేతిలో కొత్త ప్రశ్నపత్రాలు, చొక్కా జేబులో చాక్‌పీసు. తల తగలకుండా వంగి లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా డ్రైవరమ్మకు ఒక కాగితం అందించాడు.

"ఇది బి సెట్టు. అచ్చుకి ఇంకా ఇవ్వలేదు. తిప్పకూడనిది ఏమైనా తిప్పానేమో చూడండి."

డ్రైవరమ్మ పెన్ను తీసుకుని చదవడం మొదలుపెట్టింది. అన్నయ్య వెనక సీటు అంచున కూర్చుని, ఫలితాల కోసం చూసే పిల్లాడిలా గోళ్లు కొరికాడు. జవాబు దిద్దించుకునే చోట మా అన్నయ్య కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఇక్కడ అన్నదమ్ముల్ని ముందుకి, చెల్లెల్ని వెనక్కి తిప్పారు సార్. జవాబు కూడా మార్చారు. సరిపోయింది."

"మార్చాను," అన్నాడు అన్నయ్య. గొంతులో దాచుకోలేని సంతోషం.

"ఇది మాత్రం... 'ది టీమ్ ఖాళీ రెడీ'. ఇక్కడ టీమంతా ఒకటిగానా, ఎవరికి వాళ్లా చెప్పే మాట లేదు సార్. ఏదో ఒకటి చేర్చాలి."

అన్నయ్య ఆ కాగితం తీసుకుని చూశాడు. వాదిస్తాడనుకుని నేను నడుం బిగించాను. అతను పెన్ను అడిగి తీసుకుని ఆ వాక్యం పక్కన చుక్క పెట్టుకున్నాడు.

"బోర్డు మీద ఒక్క సీటని రాశాను, దాన్ని నేను మార్చను," అన్నాడు కిటికీలోంచి గోడ వైపు చూస్తూ. "కానీ సెంటర్లో పనిచేసేవాళ్లకి ఫీజు తీసుకునే అలవాటు మనకి లేదు. ఇకనుంచి బి సెట్టు చూసే పని మీది. రేపటి నుంచి రెండు ట్రిప్పుల మధ్య బ్యాచికి వచ్చెయ్యండి. లెక్కల్లో మొదటి బెంచీ ఖాళీగా ఉంది."

డ్రైవరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "సార్, తప్పులు పడితే కోపం రాదుగా?" అంది చివరికి.

"వస్తుంది. అయినా పట్టండి," అన్నాడు అన్నయ్య.

ఇంతలో బడి గంట కొట్టారు. మేము లేచేలోపే పిల్లలు ఎగబడి ఎక్కేశారు. అన్నయ్య సంచుల మధ్య ఇరుక్కుపోయి, కాగితాలు తల పైకెత్తి పట్టుకున్నాడు. ఒక చిన్నది అతన్ని ఎగాదిగా చూసి, "డ్రైవరాంటీ, ఈ అంకులెవరు? మన వ్యానులో ఎందుకున్నాడు?" అని అడిగింది.

డ్రైవరమ్మ తాళం తిప్పుతూ, "మా లెక్కల సారు. కొత్తగా చేరారు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి," అంది.

పిల్లలందరూ గొల్లున నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. వదిన ముఖం కిటికీ వైపు తిప్పుకుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు, నేనూ ఆవిడను అడగలేదు.